యాప్ తీసేస్తే డబ్బు ఆగదు

(బెంగళూరు మారతహళ్లిలోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందు కుర్చీలు ఖాళీ ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను పేమెంట్స్ రంగంలో పనిచేస్తాను. మన ఖాతాల్లోంచి నెలనెలా వాటంతటవే పోయే డబ్బులున్నాయే, ఆటోపే అంటారు, అవి ఎలా పోతాయో చూడటమే నా ఉద్యోగం. అందుకే కమిటీవాళ్లు నన్ను పట్టుకున్నారు. పొదుపు చేయమని చెప్పడానికి రాలేదు, అది మీ ఇంట్లో పెద్దవాళ్లు నాకంటే బాగా చెప్తారు. మీ డబ్బు ఏ దారిన పోతోందో, ఆ దారి ఎక్కడ మూయాలో అదొక్కటే చెప్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. ఫోన్లో ఏదైనా యాప్ నచ్చకపోతే ఏం చేస్తారు?

(శ్రోతల్లోంచి: "తీసేస్తాం!")

అవును, అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం. అయిపోయిందనుకుంటాం. ఊరెళ్తూ పాలవాడికి చెప్పకుండా గేటుకి తాళం వేసుకుని పోతే ఏమవుతుంది? ప్యాకెట్లు గోడ మీద పడుతూనే ఉంటాయి, నెలాఖరుకి బిల్లు వస్తుంది. యాప్ తీసేయడం అంటే అంతే. మీ డబ్బు తీసుకునేది మీ ఫోన్లో ఉన్న యాప్ కాదండి. మీరు ఎప్పుడో పిన్ కొట్టి ఇచ్చిన అనుమతి. దాన్ని మా భాషలో మాండేట్ అంటాం. అది మీ ఫోన్లో ఉండదు, బ్యాంకు దగ్గర ఉంటుంది. ఫోన్ మార్చినా, పగలగొట్టినా దానికేం కాదు.

ఈ మాండేట్ ఎలా పుడుతుందో ఒక్క నిమిషం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అసలు తంతు అంతా అక్కడే ఉంది. "ఒక్క రూపాయికే ఏడు రోజులు" అని ప్రకటన వస్తుంది. నొక్కుతారు. యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. పైన పెద్ద అక్షరాల్లో రూపాయి కనబడుతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో నాలుగు సంగతులుంటాయి: గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి తీసుకోవచ్చు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. గరిష్ఠం అన్నచోట 399 ఉండొచ్చు, 999 ఉండొచ్చు, నేను 5,000 ఉన్నవి కూడా చూశాను. గడువు తేదీ పదేళ్ల తర్వాతో ఇరవై ఏళ్ల తర్వాతో ఉంటుంది. ఎన్నాళ్లకోసారి అన్నచోట Monthly అని ఉంటే కొంత నయం. As presented అని ఉంటే, వాళ్లు ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వమని మీరు ఒప్పుకున్నట్టు. మీరు పిన్ కొట్టేది రూపాయికి కాదు, ఆ నాలుగు లైన్లకి. ఆ ఒక్కసారి పిన్ కొట్టాక, 15,000 రూపాయల లోపు అయితే ప్రతి నెలా మళ్లీ పిన్ అడగాల్సిన పని లేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన అదే. అంతకుముందు ఆ హద్దు 5,000 ఉండేది, 2022 జూన్‌లో 15,000 చేశారు.

అయితే అదే నిబంధనలో మనకి పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకి కబురు పెట్టాలి. పెడుతున్నారు కూడా. కాకపోతే అది లోన్ ఇస్తామనేవాళ్ల మెసేజ్‌కీ, చీరల షాపు డిస్కౌంట్ మెసేజ్‌కీ మధ్యలో పడుతుంది. మనం చదవం. కాబట్టి ఇంటికెళ్లాక మొదట చేయాల్సిన పని ఇది: మెసేజ్‌ల యాప్ తెరిచి పైన వెతికే చోట mandate అని కొట్టండి. తర్వాత autopay అని కొట్టండి. ఈమెయిల్లో subscription అని కొట్టండి. ఆర్నెల్లుగా మీకు చెప్తూ వస్తున్నవన్నీ వరసగా బయటపడతాయి.

సరే, ఇప్పుడు ఒక ఇంటి లెక్క చెప్తాను. వాళ్ల అనుమతితోనే చెప్తున్నాను, పేర్లు చెప్పను. కంపెనీల పేర్లు కూడా చెప్పను. అనంతపురం వైపువాళ్లు, వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. ఆయన సాఫ్ట్‌వేర్, ఆవిడ స్కూల్లో టీచర్, కూతురు పీయూసీ రెండో ఏడు, ఆవిడ అమ్మగారు కూడా వాళ్ల దగ్గరే ఉంటారు. "నెలకి ఎంత పోతోందో తెలియట్లేదు, కొంచెం చూడవా" అన్నారు. నేను అడిగింది ఒక్కటే: బ్యాంకు స్టేట్‌మెంట్ రెండు నెలలది, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ ఏడాదిది. ఏడాదిది ఎందుకంటే, సంవత్సరానికోసారి పోయేవి రెండు నెలల కాగితాల్లో కనబడవు.

బ్యాంకు స్టేట్‌మెంట్లో రెండు నెలలూ ఒకే మొత్తం, దాదాపు ఒకే తేదీన పోయినవి పెన్నుతో గీశాం. ఇంటద్దె, ఎస్ఐపీ, ఎల్ఐసీ తీసేస్తే ఆవిడ ఖాతాలో 399 రూపాయలు మిగిలింది. ఎవరికి పోతోంది అని చూస్తే ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరు. ఇంట్లో ఎవరూ ఆ పేరు వినలేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యాప్ పేరు ఒకటి ఉంటుంది, దాన్ని నడిపే కంపెనీ రిజిస్టర్ చేసుకున్న పేరు ఇంకోటి ఉంటుంది, స్టేట్‌మెంట్లో పడేది ఆ రెండో పేరు. ఆ పేరుని ఈమెయిల్లో వెతికితే దొరికింది. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే యాప్. ఆవిడ ఎప్పుడో రూపాయి ట్రయల్ తీసుకుని, రెండు రోజులు చూసి, యాప్ తీసేశారు.

సరే, రద్దు చేద్దామని యూపీఐ యాప్ తెరిచాం. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే లోపల Autopay అని ఉంటుంది, ఏ యాప్‌లోనైనా కాస్త అటూఇటూగా అక్కడే. తెరిస్తే ఖాళీ! ఏమీ లేదు. ఆవిడ "అయితే ఆగిపోయిందేమో" అన్నారు. ఆగలేదు, నిన్నగాక మొన్న కూడా పోయింది కదా. సంగతేమిటంటే ఆవిడ అప్పట్లో వేరే యూపీఐ యాప్ వాడేవారు. ఫోన్ మార్చినప్పుడు ఈ కొత్తది పెట్టుకున్నారు. మాండేట్ ఏ యూపీఐ ఐడీ మీద పుట్టిందో ఆ యాప్ లోపలే కనబడేది. పాత యాప్ మళ్లీ వేసి, అదే నంబరు, అదే బ్యాంకు కలిపితే అక్కడ నిక్షేపంగా కూర్చుని ఉంది. ఏ యాప్‌లో పుట్టిన మాండేట్ అయినా మిగతా యాప్‌లలో కనబడేలా చేయమని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరులో చెప్పింది. upihelp.npci.org.in అని వాళ్ల సైట్ కూడా ఉంది. అయినా మీ జాబితా ఖాళీగా కనబడితే వెంటనే నమ్మకండి, గతంలో వాడిన యాప్‌లన్నీ గుర్తు చేసుకోండి. స్టేట్‌మెంట్లో డబ్బు పోతోందా లేదా అన్నదే సాక్ష్యం.

మాండేట్ కనబడింది. నొక్కితే రెండు బటన్లు, Pause ఒకటి, Cancel ఒకటి. కొన్ని యాప్‌లలో Revoke అంటారు. Pause నొక్కకండి. దానికొక తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటాక మళ్లీ మొదలవుతుంది. Cancel నొక్కగానే యూపీఐ పిన్ అడిగింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. "పిన్ కొడితే డబ్బు పోతుందంటారు కదా!" అన్నారు.

(నవ్వులు)

నవ్వకండి, ఆ భయం మంచిదే. పిన్ ఎప్పుడు కొట్టొచ్చు, ఎప్పుడు కొట్టకూడదు అన్నదానికి నేను చూసే గుర్తు ఒకటే. మీ అంతట మీరు మీ యాప్ తెరిచి, మీ జాబితాలోంచి రద్దు నొక్కి అక్కడికి చేరారా? కొట్టండి. ఎవరో ఫోన్ చేసి "మీ ఆటోపే క్యాన్సిల్ చేసి రీఫండ్ ఇస్తాం, ఇప్పుడొక రిక్వెస్ట్ వస్తుంది, పిన్ కొట్టండి" అన్నారా? ఫోన్ పెట్టేయండి. రీఫండ్ తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఏ కాలంలోనూ అక్కర్లేదు.

రద్దయింది. మెసేజ్ వచ్చింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమన్నాను.

ఇంకో గీత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లో. నెలకి 159, ఎదురుగా గూగుల్ ప్లే అని రాసి ఉంది. ఆయన తన ఫోన్లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ నొక్కి, Payments & subscriptions లోకి, అక్కడ్నుంచి Subscriptions లోకి వెళ్లారు. ఏమీ లేదు. ఆవిడ ఫోన్లోనూ లేదు. అమ్మాయి ఫోన్లోనూ లేదు. అప్పుడు అమ్మాయిని అడిగాను, "ఏమ్మా, నీకెన్ని జీమెయిళ్లున్నాయి?" అని. మూడు! ఆన్‌లైన్ క్లాసుల కోసం చిన్నప్పుడు తెరిచింది ఒకటి ఉంది. ప్లే స్టోర్లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఆ ఖాతాకి మారితే, ఫోటోలకి మెరుగులు దిద్దే యాప్ ఒకటి అక్కడ దొరికింది. సబ్‌స్క్రిప్షన్ ఫోన్‌ది కాదండి, జీమెయిల్ ఖాతాది. ఎన్ని ఖాతాలుంటే అన్నిసార్లు చూడాలి. ఐఫోన్ వాళ్లకి సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కితే Subscriptions ఉంటుంది, అక్కడా ఆపిల్ ఐడీని బట్టే.

ఇక్కడ వరస ముఖ్యం. గూగుల్ ద్వారానో ఆపిల్ ద్వారానో తీసుకున్నది అయితే ముందు అక్కడ సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి. ఆ తర్వాత మాండేట్ చూడండి. ముందే మాండేట్ తెంపేస్తే వాళ్ల లెక్కలో మీరు మానుకున్నట్టు కాదు, డబ్బు రాలేదన్నట్టు. కొన్నాళ్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. మీరు బ్యాకప్‌గా ఇంకో కార్డు పెట్టి ఉంటే దాన్నుంచి తీసుకోవచ్చు కూడా. ఇందాకటి ఇంగ్లీషు యాప్‌లాంటి వాటికి లాగిన్ కూడా గుర్తుండదు, రద్దు చేసే బటన్ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అలాంటివాటికి నేరుగా మాండేట్ తెంపేయడమే దారి. ఇలా చేరడం తేలిగ్గా పెట్టి, బయటికి వెళ్లే దారి దాచిపెట్టడాన్ని వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో తప్పుగా రాసింది. రాసినంత మాత్రాన మానేశారా అంటే, నా ఉద్యోగమే సాక్ష్యం, మానలేదు.

ఒక జాగ్రత్త. ఆటోపే జాబితా చూడగానే ఆవేశంగా అన్నీ రద్దు చేయకండి. మీ ఎస్ఐపీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, లోన్ వాయిదా కూడా అదే జాబితాలో ఉండొచ్చు. ఇన్సూరెన్స్ ఆగిపోయిన సంగతి ఆస్పత్రిలో తెలిస్తే ఏం లాభం.

ఇక ఓటీటీ. ఈ ఇంట్లో ఒక ఓటీటీకి ఏడాదికి 1,499 ఆయన కార్డు మీద పోతోంది. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ తెరిచి చూస్తే, అదే ఓటీటీ అందులోనే ఉంది. టీవీలో చూస్తున్నదల్లా బ్రాడ్‌బ్యాండ్ వాళ్లిచ్చిన లాగిన్‌తో. కార్డు మీద కట్టింది పక్కన పడి ఉంది. నేను చాలా ఇళ్లలో చూసేది ఇదే. ఫైబర్ ప్లాన్‌లో కొన్ని వస్తాయి, మొబైల్ రీచార్జిలో కొన్ని వస్తాయి, మళ్లీ విడిగా కూడా కడతాం. మీ ఫైబర్ వాళ్ల యాప్, సిమ్ వాళ్ల యాప్ తెరిచి, ప్లాన్‌లో ఏమేం ఉన్నాయో చదవండి. ఒక కిటుకు ఉంది. ప్లాన్‌లో వచ్చేది కొన్నిసార్లు మొబైల్‌కి మాత్రమే, టీవీలో రాదు. విడిగా కట్టేది రద్దు చేసేముందు ప్లాన్‌లో వచ్చిన లాగిన్‌తో టీవీలో ఒకసారి ఆడించి చూడండి. లేకపోతే రాత్రి మ్యాచ్ టైముకి ఇంట్లో గొడవే.

మిగతా ఓటీటీలకి నా సొంత పద్ధతి చెప్తాను, మీకు నచ్చితే చేయండి. సంక్రాంతి సినిమాలు ఓటీటీలోకి వచ్చే నెలలో ఒక నెలకి కడతాను. కట్టిన రోజే, సినిమా మొదలుపెట్టకముందే, రద్దు నొక్కేస్తాను. చాలావాటిలో రద్దు చేసినా కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడొచ్చు. ఎక్కడైనా రద్దు నొక్కేటప్పుడు ఏ తేదీ దాకా చూడొచ్చో చూపిస్తారు, అది చదివి నొక్కండి. ఆపిల్‌లో ఉచిత ట్రయల్ అయితే గడువుకి కనీసం ఒక రోజు ముందే రద్దు చేయాలి, చివరి గంట దాకా ఆగకండి. ఏడాది ప్లాన్ చౌక అంటారు. ఏడాదంతా చూసేవాళ్లకి చౌకే.

ఇక సిమ్‌ల సంగతి. అమ్మగారి ఫోన్‌కి 28 రోజులకోసారి 299 రీచార్జి. నెలకి 299 అని వాళ్ల లెక్క. 28 రోజులంటే ఏడాదికి 13 సార్లు అవుతుంది, పన్నెండు కాదు. 13 ఇంతలు 3,887. ఆవిడ రోజూ ఇంట్లో వైఫై మీద సీరియళ్లు చూస్తారు, బయటికెళ్తే గుడికి. డేటా ఎంత వాడారో ఫోన్ సెట్టింగ్స్‌లో చూస్తే దాదాపు సున్నా. డేటా అక్కర్లేనివాళ్లకి మాటలు, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉన్న ప్యాక్‌లు కచ్చితంగా పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నియమం చేసింది. 2025 జనవరి నుంచి వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 365 రోజులకి 1,849, జియోలో 336 రోజులకి 1,748 అని పెట్టారు. ధరలు మారుతుంటాయి, మీరు చేసే రోజు చూసుకోండి. ఇవి యాప్‌లో మొదటి పేజీలో కనబడవు. కింద దాకా వెళ్లి Value అనో వాయిస్ ఓన్లీ అనో ఉన్న చోట వెతకాలి. ఎందుకు అక్కడ పెట్టారో నేను చెప్పక్కర్లేదు.

అమ్మగారికి 1,849 వేశాం. ఏడాదికి 2,038 మిగిలింది. వైఫై లేని చోట వాట్సాప్ రాదని ముందే చెప్పాం, ఆవిడ "గుళ్లో నాకెందుకు" అన్నారు. ఊరికి వెళ్లినప్పుడు మాత్రం చిన్న డేటా ప్యాక్ కావాలి.

ఆవిడ ఫోన్‌లో ఇంకోటి దొరికింది, కాలర్ ట్యూన్. బ్యాలెన్స్‌లోంచి కొంచెం కొంచెం కోస్తున్నారు. 155223 అని ఒక నంబరు ఉంది, అన్ని కంపెనీలకీ అదే. దానికి ఫోన్ చేస్తే ఏమేం నడుస్తున్నాయో చెప్తారు, అక్కడే ఆపుకోవచ్చు. అదే నంబరుకి STOP అని మెసేజ్ పెట్టినా చాలు.

మొత్తం కూడితే ఆ ఇంట్లో 399 పన్నెండు నెలలకి 4,788, 159ది 1,908, ఓటీటీ 1,499, సిమ్ 2,038. ఏడాదికి 10,233 రూపాయలు. రెండు గంటలు పట్టింది, అందులో అరగంట కాఫీకి పోయింది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "నాయనా, ఇప్పటికే పోయిన డబ్బు వెనక్కి రాదా?")

కొంత రావచ్చండి మాస్టారూ, అంతా వస్తుందని చెప్పలేను. గూగుల్ ప్లేలో అయితే డబ్బు పోయిన 48 గంటల్లోపు అడిగితే అవకాశం బాగుంటుంది. ఆ తర్వాత యాప్ చేసినవాళ్లనే అడగాలి. ఆపిల్‌కి reportaproblem.apple.com అని సైట్ ఉంది. నేరుగా యూపీఐ మీద పోయిందైతే, యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ నొక్కి అక్కడే ఫిర్యాదు పెట్టండి. కంపెనీ మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ పదకొండు నెలలు వాడుకోకుండా కట్టినదంతా ఇవ్వమంటే, పిన్ మీరే కొట్టారు కదా అంటారు. ఇందాకటి టీచరమ్మగారు మెయిల్ రాస్తే చివరి నెల 399 మాత్రం వెనక్కిచ్చారు.

(వెనక నుంచి ఒకావిడ: "అన్నా, రద్దు చేశాక కూడా నాకు ఒకసారి డబ్బు పోయింది. అదెట్లా?")

రెండు కారణాలుంటాయమ్మా. ఒకటి, 24 గంటల ముందు కబురు వచ్చేశాక రద్దు చేసుంటారు. అప్పటికే ఆ నెల డబ్బు అడిగే పని మొదలై ఉండొచ్చు. అందుకే గడువుకి రెండు మూడు రోజులు ముందు చేయమంటాను. రెండోది, మీరు రద్దు చేసింది ఒక మాండేట్, అదే కంపెనీకి ఇంకోటి ఉంది. ట్రయల్ రెండుసార్లు తీసుకున్నవాళ్లకి ఇలా జరుగుతుంది. జాబితాలో అదే పేరు రెండుసార్లు ఉందేమో చూడండి. రద్దయినట్టు స్క్రీన్‌షాట్ ఉండి, ఆ తేదీ తర్వాత కొత్తగా అడిగి తీసుకున్నారంటే మాత్రం బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ ఫోన్ తెచ్చారా? ఇలా రండి, ఆ రెండోది ఉందేమో చూద్దాం.